చాంబరా, ఫర్మా, కంపెనీయా? మూడు చోట్లా పనిచేశాక నా అభిప్రాయం

ప్రశ్న: "కాకతీయ యూనివర్సిటీలో ఎల్‌ఎల్‌బీ ఫైనలియర్. సీనియర్ దగ్గర జూనియర్‌గా చేరాలా, హైదరాబాద్‌లో కార్పొరేట్ ఫర్మ్‌కి వెళ్లాలా, కంపెనీలో లీగల్ ఉద్యోగం చూసుకోవాలా? జీతం, నేర్చుకోవడం, పని గంటలు చూస్తే ఏది నయం?"

ముందు సీనియర్ చాంబర్‌కే వెళ్లండి. కనీసం రెండేళ్లు. తర్వాత ఎటైనా పోవచ్చు.

నేను హనుమకొండ అదాలత్‌లో ఒక సీనియర్ దగ్గర రెండున్నరేళ్లు ఉన్నాను. తర్వాత హైదరాబాద్‌లో ఒక ఫర్మ్‌లో ఏడాదిన్నర చేశాను. నాలుగేళ్లుగా ఒక విత్తనాల కంపెనీ లీగల్ డిపార్ట్‌మెంట్‌లో ఉన్నాను. చాంబర్‌లో మొదటిసారి చేతికొచ్చింది 4,000, వదిలేసే నాటికి 9,000. ఫర్మ్‌లో 45,000తో చేరాను. కంపెనీలో 70,000తో మొదలైంది. ఢిల్లీ, ముంబై పెద్ద ఫర్ముల్లో మొదటి ఏడాదే 15 లక్షల పైన ఇస్తారని మీరు వినే ఉంటారు, అది నిజమే, కానీ ఆ సీట్లు చాలావరకు నేషనల్ లా యూనివర్సిటీల క్యాంపస్‌లలోనే అయిపోతాయి. మన దగ్గర నుంచి వెళ్లేవాళ్లకు దొరికేది నాకు దొరికినదానిలాంటిదే.

జీతాల లెక్క ఇంతే, ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు. ఆలోచించాల్సింది నేర్చుకోవడం గురించి. నాకు జరిగింది చెప్తాను.

చాంబర్‌లో చేరిన మొదటి ఏడాది, ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి నడిపే పెద్దాయన ఒకరు చెక్ బౌన్స్ కేసు తెచ్చారు. మిర్చి వ్యాపారి ఇచ్చిన చెక్కు, 4,80,000 రూపాయలు, తేదీ జులై 25. డబ్బు లేదని బ్యాంకు తిప్పి పంపిన రిటర్న్ మెమో ఆయన చేతికి ఆగస్టు 3న వచ్చింది. డబ్బు కట్టమని ఆ వ్యాపారికి నోటీసు రాయమని మా సీనియర్ సార్ చెప్పారు. రాశాను, సెప్టెంబర్ 1న సార్ సంతకం పెట్టారు. గుమాస్తా అన్న ఊళ్లో లేడు. నెల రోజులు టైముంది కదా, మూడో తారీఖుదాకా పర్వాలేదు అనుకుని నోటీసు టేబుల్ మీదే ఉంచాను. మూడున అన్న వచ్చి రిజిస్టర్ పోస్టులో వేశాడు.

చట్టంలో నోటీసుకు ఉన్న గడువు నెల కాదు, 30 రోజులు. ఆగస్టుకు 31 రోజులు. మెమో అందిన రోజును వదిలేసి ఆగస్టు 4 నుంచి లెక్కపెడితే సెప్టెంబర్ 2తో ముప్పై అయిపోతాయి. మేం వేసింది 31వ రోజు. ఇదే చట్టంలో కేసు వేయడానికి ఇచ్చిన గడువు మాత్రం "ఒక నెల", అంటే క్యాలెండర్ నెల. ఒకచోట రోజుల్లో, ఇంకోచోట నెలలో. నేను రెండూ ఒకటే అనుకున్నాను. కేసు వేయడం ఆలస్యమైతే సరైన కారణం చూపించి కోర్టును మాఫీ అడగొచ్చు. నోటీసు ఆలస్యమైతే అలా అడిగే దారి చట్టంలో లేదు.

ఏడాదిన్నర దాకా ఇది ఎవరి కంటా పడలేదు. కేసు నంబరైంది, సమన్లు వెళ్లాయి, మా పెద్దాయన చీఫ్ అఫిడవిట్ వేశారు. సాక్ష్యంగా ఇచ్చిన కాగితాలకు నంబర్లు పడ్డాయి: చెక్కు పి1, మెమో పి2, నోటీసు పి3, పోస్టల్ రసీదు పి4. క్రాస్ ఎగ్జామినేషన్ రోజున అవతలి వకీలు పెద్దగా ఏమీ అడగలేదు.

"నోటీసు మీద తేదీ ఎంత?"

"సెప్టెంబర్ ఒకటి."

"పోస్టులో ఎప్పుడు వేశారు?"

"నాకెట్ల తెలుస్తది సార్, వకీల్ సాబ్ ఆఫీసోళ్లు ఏసిన్రు."

"ఈ రసీదు మీరు దాఖలు చేసిందే కదా, దీని మీద తేదీ చదవండి."

ఆ రసీదు వేలెడంత కాగితం, అక్షరాలు సగం వెలిసిపోయాయి. పెద్దాయన కళ్లద్దాలు పెట్టుకుని వెలుగుకు పట్టి చూసి, మూడు అన్నారు. అవతలి వకీలు ఇంకేమీ అడగకుండా కూర్చున్నారు. నేను సార్ వెనక ఫైలు పట్టుకుని నిలబడి వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాను. లెక్క ముగిసేసరికి కాళ్లు వణికాయి. తర్వాత కేసు ఆ పాయింటు మీదే కొట్టేశారు.

బయటికొచ్చాక గుమాస్తా అన్న ఒక్క మాటే అన్నాడు, "తమ్మీ, నాడు నన్ను ఫోన్ల అడిగినా చెప్దును కదా". సార్ అరవలేదు. ఆ సాయంత్రం కూర్చోబెట్టి ఇంకో విషయం చెప్పారు, నాకు దానివల్లే ఎక్కువ బాధేసింది. చెక్కు తేదీ నుంచి మూడు నెలలు చెల్లుతుంది. అంటే సెప్టెంబర్ 3న మా తప్పు మేం గుర్తించి ఉంటే చెక్కుకు ఇంకా ఏడు వారాల ప్రాణం ఉంది. మళ్లీ బ్యాంకులో వేసి, మళ్లీ బౌన్స్ అయితే కొత్త మెమో మీద కొత్త నోటీసు ఇవ్వొచ్చు, ఆ రెండో బౌన్స్ మీద కేసు నిలబడుతుందని సుప్రీంకోర్టు 2012లోనే ఎమ్మెస్సార్ లెదర్స్ కేసులో చెప్పింది. మేం చూసుకోలేదు, చెక్కు చచ్చిపోయింది. బాకీకి మూడేళ్ల గడువు ఇంకా మిగిలుంది కాబట్టి సివిల్ దావా వేశాం, కోర్టు ఫీజు సారే కట్టారు. ఆ రోజు నుంచి ప్రతి చెక్ కేసు డాకెట్ మీద నాలుగు తేదీలు ఎర్ర ఇంకుతో రాయడం నా పని: చెక్కు తేదీ, మెమో అందిన తేదీ, ముప్పయ్యో రోజు, చెక్కు చెల్లే ఆఖరి రోజు.

ఫర్మ్‌లో నేను నేర్చుకోలేదని కాదు. అగ్రిమెంట్ రాయడం అక్కడే వచ్చింది. ఒక మాటకు మొదట్లో ఒక అర్థం చెప్పి 30వ పేజీలో ఇంకో అర్థంలో వాడితే ఎంత నష్టమో అక్కడ ఎర్రగీతలు పడ్డాకే తెలిసింది. కానీ ఏడాదిన్నరలో ఎక్కువ భాగం ఒకటే పని, భూముల టైటిల్ చూడటం. పహాణీలు, లింక్ డాక్యుమెంట్లు, ముప్పై ఏళ్ల ఈసీ వరుసగా చదివి రిపోర్టు రాయడం. ఆ రిపోర్టు ఎక్కడికి వెళ్లిందో, దాని మీద ఎవరేం చేశారో నాకు తెలిసేది కాదు. టైమ్‌షీట్‌లో ఆరేసి నిమిషాల లెక్కన ఏం చేశామో రాయాలి. పొద్దున పదికి వెళ్తే రాత్రి పదకొండు, డీల్ సంతకాల వారం అయితే తెల్లవారుజామున రెండు. ఆదివారం కాజీపేటకు రైలెక్కితే ఘట్‌కేసర్ దాటకముందే ఫోన్ వచ్చేది. డబ్బు ఉంది, దాన్ని ఖర్చుపెట్టే టైం లేదు. చాంబర్‌లోనూ గంటలు తక్కువేమీ కాదు, పొద్దున ఎనిమిదికి సార్ ఇంట్లో ఆఫీసు, పదిన్నరకు కోర్టు, సాయంత్రం మళ్లీ తొమ్మిది దాకా ఆఫీసు. అయితే వేసవి సెలవులు ఉంటాయి, మధ్యాహ్నం అదాలత్ ముందు చాయ్ తాగే పది నిమిషాలు ఎవరూ లెక్కపెట్టరు.

   

ఇక కంపెనీ. తొమ్మిదిన్నర నుంచి ఆరున్నర, శనివారం సెలవు, పిల్లలతో అన్నం తింటాను. చేరిన రెండో ఏడాది జగిత్యాల డీలర్ చెక్కు ఒకటి బౌన్స్ అయింది. చెక్కు తేదీ జూన్ 10, మెమో జూన్ 20న అందింది. ఫైలు ఫైనాన్స్‌లో పడి ఉండి నా టేబుల్ మీదికి జులై 25న వచ్చింది, అంటే 35వ రోజు. పక్క సీట్లో ఉన్నతను మంచి ఫర్మ్ నుంచి వచ్చినవాడు, తెలివైనవాడు, "గడువు దాటింది అన్నా, సివిల్ దావా ఒక్కటే దారి" అన్నాడు. నేను చూసింది చెక్కు తేదీ. సెప్టెంబర్ 9 దాకా చెల్లుతుంది. మర్నాడే మళ్లీ బ్యాంకులో వేయించాను, 28న తిరిగొచ్చింది, ఆగస్టు 1న నోటీసు నేనే దగ్గరుండి పోస్టు చేయించి రసీదు ఫొటో తీసుకున్నాను. నోటీసు అందాక డబ్బు కట్టడానికి 15 రోజులుంటాయి కదా, పన్నెండో రోజున డీలర్ మొత్తం కట్టేశాడు. ఇది ఫర్మ్‌లో ఎవరూ నేర్పరు, కంపెనీలో అసలే నేర్పరు. ఎనుమాముల పెద్దాయన నష్టపోతే నాకు వచ్చిన విద్య అది.

ముందు చాంబర్ అనడానికి ఇంకో గట్టి కారణం ఉంది. కంపెనీలో పూర్తికాలం జీతానికి చేరితే బార్ కౌన్సిల్ 49వ రూల్ ప్రకారం ప్రాక్టీస్ చేయకూడదు, వకీలుగా ప్రాక్టీస్ చేసే లైసెన్సు, అంటే సనద్, సస్పెండ్ చేసుకోవాలి. నేనూ చేసుకున్నాను. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీస్ ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు చెప్పింది, కంపెనీలో గడిపిన ఏళ్లు ఆ లెక్కలోకి రావు. చాంబర్ నుంచి కంపెనీకి రావడం సులువు, నన్ను ఇంటర్వ్యూలో అడిగినవి ఎక్కువగా కోర్టు ప్రశ్నలే. ముప్పై రెండేళ్లకు కంపెనీ నుంచి కోర్టుకు తిరిగి వెళ్తే మాత్రం క్లయింట్ ఒక్కడూ ఉండడు, మళ్లీ జూనియర్ కుర్చీయే.

ఇంట్లో మీ జీతం మీదే పొయ్యి వెలగాలి అంటే నా సలహా వేరు, నేరుగా కంపెనీ చూసుకోండి, ఫర్మ్ వద్దు. మా నాన్న పెన్షన్ లేకపోతే నేనూ ఆ రెండున్నరేళ్లు ఆగలేకపోయేవాణ్ని. జూనియర్లకు నెలకు పట్టణాల్లో 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 ఇవ్వమని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబర్‌లో సిఫారసు చేసింది, కానీ అది సిఫారసే. ఇవ్వని సీనియర్‌ను అడిగేవాళ్లు లేరు. చేరే ముందే ఎంత ఇస్తారని మీరు నోరు తెరిచి అడగండి, అడిగితే బాగోదని నేను మొదటి మూడు నెలలు అడగలేదు, బస్సు చార్జీలు ఇంట్లో తీసుకున్నాను.

సీనియర్ పేరు ఎంత పెద్దదో చూసి చేరకండి. రెండు రోజులు కోర్టు హాల్లో వెనక బెంచీ మీద కూర్చోండి. ఆయన జూనియర్లు లేచి ఏమంటున్నారో వినండి. ఎంతసేపూ "సార్ వేరే కోర్టులో ఉన్నారు, వాయిదా ఇవ్వండి" అనేవాళ్లే అయితే అక్కడ మీరూ రెండేళ్లు అదే అంటారు. చిన్న కేసుల్లో అయినా సాక్షిని జూనియర్ క్రాస్ చేస్తుంటే, పక్కన సీనియర్ ఊరుకుని వింటుంటే, ఆ సాయంత్రమే వెళ్లి కలవండి. బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్‌మెంట్ కూడా ఆలస్యం చేయకండి, 2024 జులై సుప్రీంకోర్టు తీర్పు తర్వాత జనరల్ కేటగిరీకి ఫీజు 750 దాటకూడదు, ఎస్సీ, ఎస్టీలకు 125. అంతకన్నా ఎక్కువ అడిగితే ఆ తీర్పు కాపీ చూపించండి.