ప్రైస్ లో టు హై పెట్టినా పైన కనిపించేది తక్కువ రేటు ఎందుకు కాదు

ప్రశ్న: మెమరీ కార్డు కోసం వెతుకుతున్నా. ప్రైస్ లో టు హై పెట్టినా మధ్యలో ఎక్కువ రేటువి దూరుతున్నాయి, క్లిక్ చేశాక రేటు మారిపోతోంది, రివ్యూలు చూస్తే అన్నిటికీ 4.4, 4.5. నిజంగా తక్కువకి ఇస్తున్నది ఎవరో కనిపెట్టేదెలా?

జవాబు:

మెమరీ కార్డు అనగానే ఆగి రాస్తున్నానండి, ఎందుకంటే నేను దెబ్బ తిన్నది సరిగ్గా ఇక్కడే. 512 జీబీ కార్డు, మిగతావాళ్ళు అమ్మే రేటులో సగం, నాలుగున్నర స్టార్లు, వేలల్లో రివ్యూలు. కొన్నా, ఫోన్లో పెడితే 512 అనే చూపించింది, నేనూ వెళ్ళి అయిదు స్టార్లు ఇచ్చేశా. మూడు నెలల తర్వాత ఒకరోజు ఫోటోలు తెరిస్తే సగం బూడిద రంగు డబ్బాలు. అప్పటికి రిటర్న్ గడువు ఎప్పుడో అయిపోయింది. అందుకే ఈ మధ్య ఇంకో కార్డు, 128 జీబీది, కొనేటప్పుడు ఒక సాయంత్రం మొత్తం కూర్చుని చూశా. ఆ రోజు ఏం చేశానో అదే చెప్తాను. రేట్లు ఊరికే లెక్క కోసం, మంచి బ్రాండు 128 జీబీ కార్డు మామూలు రేటు 100 అనుకోండి.

లో టు హై పెట్టగానే వరసలో రేట్లు ఇలా ఉన్నాయి: 9, 11, 95, 12, 14, 110, 15. ఆ 95, 110 రెండూ యాడ్లు. సైటు సార్టు చేసేది మామూలు ఫలితాలని మాత్రమే, యాడ్లకి వేరే గళ్ళు ముందే రిజర్వు అయి ఉంటాయి, వాటిని సార్టుతో సంబంధం లేకుండా మధ్యలో దూరుస్తారు. కాబట్టి స్పాన్సర్డ్ అన్న లేత బూడిద రంగు అక్షరాలు కనపడకపోయినా పర్లేదు, ఎక్కుతూ పోవాల్సిన వరస ఎక్కడ తెగిందో చూస్తే చాలు. డిఫాల్టుగా ఉండే రెలవెన్స్, ఫీచర్డ్ లాంటి వరసలో మాత్రం ఈ కిటుకు పనిచేయదు, అక్కడ లేబుల్ వెతుక్కోవాల్సిందే. అమెజాన్‌లో అయితే కంప్యూటర్లో ఆ వస్తువు మీద మౌస్ పెట్టి కింద లింకు చూడండి, యాడ్ వాటికి చాలాసార్లు అందులో `/sspa/` అని ఉంటుంది.

యాడ్ అయినంత మాత్రాన సరుకు చెడ్డదని కాదు, నేనూ యాడ్లోంచి కొన్నవి ఉన్నాయి. కానీ ఈ యాడ్లు ఎక్కువగా వేలంపాట మీద నడుస్తాయి, ఎవరైనా నొక్కిన ప్రతిసారీ, కొన్నా కొనకపోయినా, అమ్మేవాడు సైటుకి కట్టాలి. ఆ ఖర్చు ఎక్కడో ఒకచోట రాబట్టుకోవాలి కదా. ఇంకోటి, యాడ్ ద్వారా జరిగిన అమ్మకం కూడా అమ్మకమే, దాంతో ఆ వస్తువు మామూలు వరసలో కూడా పైకి పాకుతుంది, అందుకే ఒకే కార్డు పైన యాడ్ గానూ నాలుగు లైన్ల కింద మామూలుగానూ రెండుసార్లు కనిపిస్తుంది. అది చూసి అందరూ ఇదే కొంటున్నారేమో అనుకోవద్దు.

సరే యాడ్లు తీసేశాం, మరి ఆ 9, 11, 12 ఏంటి? ఒకటి కార్డు పెట్టుకునే ప్లాస్టిక్ డబ్బా, ఒకటి అడాప్టరు. సెర్చిలో మాట కలిస్తే చాలు అవన్నీ వచ్చి కూర్చుంటాయి. ఇంకొంచెం కిందకెళ్తే అసలు ఆట. పేరులో 128 జీబీ అని ఉంది, రేటు 38. తెరిచి చూస్తే అది 8 జీబీ రేటు, 128 మీద నొక్కితే 84 అయింది. ఒకే పేజీలో నాలుగైదు సైజులు పెట్టి, అన్నిటికన్నా చవకదాని రేటు బయటకి చూపించి వరసలో ముందుకి రావడం అన్నమాట. చెకౌట్ దాకా వెళ్తే డెలివరీ 12, మొత్తం 96. అదే సమయంలో ఇంకో సెల్లర్ 97కి డెలివరీ కలిపి ఇస్తున్నాడు, బ్రాండు వాళ్ళ సొంత స్టోరులో 102. అంటే 38 అని మొదలైన వేట 96 దగ్గర తేలింది, తేడా అంతా కలిపి ఆరు.

అందుకని ఇప్పుడు నేను సార్టు కన్నా ముందు ఫిల్టర్లు పెడతా. కెపాసిటీ 128, నాకు తెలిసిన రెండు మూడు బ్రాండ్లు, ఇంకా కనీస రేటు. ఈ కనీస రేటు గడిని ఎవరూ వాడరు కానీ మామూలు రేటులో సగం అక్కడ వేస్తే డబ్బాలు, అడాప్టర్లు, ఎరలు, దొంగ కార్డులు చాలావరకు ఒక్క దెబ్బకి ఎగిరిపోతాయి. మిగిలిన నాలుగైదింటిని కార్టులో వేసి, నా అడ్రసు పెట్టి, డబ్బు కట్టే బటన్ ముందు ఆఖరి అంకె మాత్రమే పోలుస్తా. కూపన్ టిక్కు పెట్టాల్సినవి ఉంటే అదీ అక్కడే తేలుతుంది.

కొట్టేసి పక్కన చూపించే పాత రేటు, 70 శాతం తగ్గింపు, ఇవి నేను చూడను. యూరప్‌లో తగ్గింపు ప్రకటిస్తే అంతకు ముందు కనీసం 30 రోజుల్లోని అతి తక్కువ ధరనే పాత రేటుగా చూపాలని 2022 మే నుంచి రూలు ఉంది, అలాంటి రూలు పెట్టాల్సి వచ్చిందంటేనే అర్థం చేసుకోవచ్చు. అమెజాన్ వస్తువులకి కీపా లాంటి సైటులో రేటు చరిత్ర గ్రాఫు దొరుకుతుంది. నేను చూసిన ఒక కార్డు ఏడాదంతా 100 దగ్గరే ఉండి, సేల్‌కి రెండు వారాల ముందు 135 అయి, సేల్ రోజు 99 అయింది. సేల్ బోర్డు మీద తగ్గింపు పాతిక శాతం పైనే, నాకు మిగిలేది ఒకటి.

ఇక రివ్యూలు. సగటు స్టార్ల సంఖ్యతో ఈ విషయంలో ఏ ఉపయోగం లేదు, ఎందుకో నా 512 కార్డే చెప్తుంది. దొంగ కార్డులో నిజంగా ఉండేది ఏ 32 జీబీ చిప్పో, లోపలి కంట్రోలర్ మాత్రం అడిగినవాళ్ళకి 512 అని అబద్ధం చెప్తుంది. మొదటి 30 జీబీ దాకా అంతా బాగానే ఉంటుంది, ఆ తర్వాత కాపీ అయినట్టే చూపిస్తుంది కానీ డేటా ఎక్కడికీ పోదు, లేదా పాతదాని మీద పడుతుంది. మనం రివ్యూ రాసేది ఎప్పుడు? వచ్చిన రోజో మర్నాడో. అందుకే నాలా అమాయకంగా రాసిన నిజమైన అయిదు స్టార్లే వందల్లో ఉంటాయి, డబ్బులిచ్చి రాయించక్కర్లేదు కూడా. కాబట్టి ఒకటి, రెండు, మూడు స్టార్లవి మాత్రం తెరిచి, వాటిలో "కరప్ట్", "నెలల తర్వాత", "ఫైల్స్ ఓపెన్ కావట్లేదు" లాంటి మాటలు వెతకండి. నా కార్డు పేజీకి తర్వాత వెళ్ళి చూస్తే ఒక స్టారు వాళ్ళందరిదీ దాదాపు ఒకే కథ, 30 జీబీ దాటాక పోయింది అని. ముందే ఆ పది నిమిషాలు పెట్టి ఉంటే బాగుండేది.

డబ్బులిచ్చి రాయించేవీ ఉన్నాయి లెండి. వేరే వస్తువు ఒకటి కొన్నప్పుడు పెట్టెలో చిన్న అట్టముక్క వచ్చింది, అయిదు స్టార్లు పెట్టి స్క్రీన్‌షాట్ పంపితే సగం డబ్బు వాపసు అని. అలా రాసినవాడు నిజంగా కొన్నవాడే కాబట్టి అతని పేరు పక్కన వెరిఫైడ్ పర్చేజ్ అని వస్తుంది, ఆ ముద్ర చూసి మోసపోవద్దు.

నన్ను బాగా ఆశ్చర్యపరిచింది మాత్రం రివ్యూలు అతికించడం. ఆ సాయంత్రం ఒక కార్డుకి ఆరువేల రివ్యూలు కనిపిస్తే అన్నిటికన్నా పాతవాటి దాకా వెళ్ళా. "కలర్ సూపర్, నా ఫోన్‌కి కరెక్టుగా సరిపోయింది, కెమెరా దగ్గర కటింగ్ నీట్‌గా ఉంది." మెమరీ కార్డుకి కెమెరా కటింగ్ ఏంటండీ! ఒకప్పుడు ఆ పేజీలో ఫోన్ కవరు అమ్మారు, దానికి మంచి పేరొచ్చాక పేరూ ఫోటోలూ మార్చి కార్డు పెట్టేశారు, స్టార్లు మాత్రం అలాగే ఉండిపోయాయి. దీని ఇంకో రూపం, సంబంధం లేని వస్తువుని పాత వస్తువుకి వేరియంట్‌గా కలిపేసి దాని రివ్యూలు వాడుకోవడం. అమెరికాలో వినియోగదారుల తరఫున చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ 2023లో విటమిన్లు అమ్మే బౌంటిఫుల్ అనే కంపెనీ మీద ఇదే ఆరోపణతో కేసు పెట్టి 6 లక్షల డాలర్లు కట్టించింది. మీరు చేయాల్సింది, పాత రివ్యూలు నాలుగు, జనం పెట్టిన ఫోటోలు చూడటం, సైటులో వీలుంటే మీరు కొనే సైజు రివ్యూలు మాత్రమే వచ్చేలా ఫిల్టర్ పెట్టడం. ఆరువేలు కాస్తా నలభై అయిపోవచ్చు, ఆ నలభై చదవండి.

ఇంత చేసినా కార్డు చేతికొచ్చాక పరీక్ష తప్పదు, మంచి బ్రాండు పేరుతోనే నకిలీలు వస్తాయి. విండోస్‌లో H2testw, లినక్స్‌లో F3 ఉచితంగా దొరుకుతాయి. రెండూ చేసేది ఒకటే, కార్డు నిండేదాకా రాసి తిరిగి చదివి సరిపోల్చడం. కొత్త కార్డు మీదే చేయండి, అందులో మీ ఫైళ్ళేమీ ఉండకూడదు, కార్డు స్పీడుని బట్టి గంటలు పట్టొచ్చు. F3 అయితే టెర్మినల్లో ఇవి ఇవ్వాలి:

```
f3write /media/card
f3read /media/card
```

ఆ దారి బదులు మీ కార్డు మౌంట్ అయిన దారి ఇవ్వండి. చివర్లో `Data LOST` అన్న లైను చూడండి, అక్కడ సున్నా కాకుండా ఇంకేమున్నా వెంటనే రిటర్న్. విండోస్‌లో 128 జీబీ కార్డుకి 119 అని చూపిస్తే కంగారు పడకండి, కార్డు తయారుచేసేవాళ్ళు జీబీని వెయ్యితో లెక్కేస్తారు, విండోస్ 1024తో, అది మోసం కాదు.

నేను చివరికి తీసుకున్నది 102 ది. 96 వాడి పేజీలో సెల్లర్ పేరు మీద నొక్కితే ఖాతా కొత్తది, రిటర్న్ ఖర్చు మనమే పెట్టుకోవాలని రాసుంది, ఆరు కోసం అది వద్దనిపించింది. రాత్రి పరీక్ష పెట్టి పడుకున్నా, పొద్దున్న లేచేసరికి `Data LOST` సున్నా. ఆ పాత 512 కార్డు ఇంకా ఉంది, పాతిక జీబీకి మించకుండా పాటలు వేసుకుని వాడుతున్నా, పోతే మళ్ళీ ఎక్కించుకోవచ్చని.