పరుపులో నల్లులు: ఎండ కాదు, డ్రయర్ ముందు

సెలవులకి విశాఖ వచ్చి ఎంవీపీ కాలనీలో అమ్మ దగ్గర ఉన్నాను. జనవరి సెమిస్టర్‌కి అమెరికా వెళ్ళే పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు రోజూ ఎవరో ఒకరు సందేహాలతో వస్తున్నారు. నిన్న మా పక్కింటి పిన్నిగారు అడిగిన దానికి కొంచెం వివరంగా జవాబు చెప్పాలనిపించింది. వాళ్ళబ్బాయి డాలస్ దగ్గర ఉంటాడు. ఎవరో ఖాళీ చేస్తూ వదిలేసిన పరుపు తెచ్చుకుని వేసుకున్నాడు. కొన్నాళ్ళకి చేతుల మీద, మెడ మీద దద్దుర్లు. ఫోన్‌లో చూపిస్తే పిన్నిగారు "బాల్కనీలో ఎండలో వెయ్యి నాన్నా, పోతాయి" అన్నారు. వేశాడు. రెండు రాత్రులు బాగానే నిద్రపట్టింది, మూడో రాత్రి మళ్ళీ మొదలు.

పిన్నిగారి మాట తప్పు కాదు, మన ఇళ్ళకి సరిపోయే మాట. పాతరోజుల్లో నులక మంచాన్ని మే నెల ఎండలో డాబా మీద వేసి, పట్టెలు మంచం కోళ్ళలో దిగే సందుల్లో మరిగే నీళ్ళు పోసేవాళ్ళు. అక్కడ నల్లుల్ని చంపింది ఎక్కువగా ఆ మరిగే నీళ్ళే. దూది పరుపో, స్ప్రింగ్ పరుపో అయితే ఎండకి పైబట్ట చెయ్యి పెట్టలేనంత కాలుతుంది కానీ లోపల, అడుగున అంత వేడెక్కదు. నల్లి ఉన్నచోటే ఉండి చావదు, చల్లగా ఉన్న వైపుకి పాకిపోతుంది. డాలస్ అబ్బాయి పరుపులో అదే జరిగింది: పైవైపు కుట్టు దగ్గరున్నవి అడుగు కుట్టులోకి దిగాయి. నల్ల సంచిలో కట్టి ఎండలో పెట్టడం కూడా ఇంతే, మూట మధ్యలో ఎంత వేడి ఉందో తెలియదు.

చూడాల్సింది గుడ్డు సంగతి. పెద్ద నల్లి 45 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటన్నర దాటితే చస్తుంది. గుడ్డు అదే వేడిని గంటల తరబడి తట్టుకుంటుంది. 48 దగ్గర కూడా దానికి గంటకి పైనే పడుతుంది. 55 దాటితే మాత్రం గుడ్డుకీ నిలవడం ఉండదు. కాబట్టి ఏ పద్ధతి అయినా అడగాల్సింది ఒకటే: గుడ్డు ఉన్న చోటికి ఆ వేడి చేరిందా, తగినంతసేపు ఉందా?

ఇక్కడే అమెరికాకి కొత్తగా వెళ్ళినవాళ్ళు పొరబడతారు. అమెరికా వాషింగ్ మెషిన్లలో చాలావాటికి సొంత హీటర్ ఉండదు. "Hot" అని నొక్కితే కుళాయిలో వచ్చే వేడినీళ్ళే పోసుకుంటుంది. ఇళ్ళల్లో గీజర్‌ని సాధారణంగా 120 ఫారెన్‌హీట్, అంటే 49 డిగ్రీల దగ్గర పెడతారు. చల్లటి డ్రమ్ములో, చల్లటి బట్టల మీద పడేసరికి అదీ తగ్గిపోతుంది. అందుకే ఉతుకు ఒక్కదాన్నే నమ్ముకుంటే గుడ్లు మిగిలిపోవచ్చు. బ్రిటన్‌లోనో జర్మనీలోనో ఉన్నవాళ్ళకి ఈ బాధ లేదు, అక్కడి మెషిన్ నీళ్ళని తనే కాచుకుంటుంది. 60 డిగ్రీల ప్రోగ్రామ్ పెడితే గుడ్లతో సహా పోతాయి. 40 పెడితే పురుగులు చస్తాయి, గుడ్లు బతుకుతాయి.

అందుకని అమెరికాలో ఉన్నవాళ్ళు డ్రయర్‌ని ముందు వాడాలి, అదీ పొడిబట్టలతో. తడిబట్టలు వేస్తే వేడంతా నీళ్ళని ఆవిరి చెయ్యడానికే పోతుంది, బట్ట ఆరేదాకా దాని వేడి పెరగదు. పొడిబట్ట కొన్ని నిమిషాల్లోనే బాగా వేడెక్కుతుంది. డ్రమ్ము సగానికి మించి నింపకుండా "High" మీద అరగంట తిప్పండి. రజాయి, బొంత లాంటివైతే గంటసేపు, మధ్యలో ఒకసారి ఆపి మడత విప్పి తిరగెయ్యండి, లేకపోతే ఉండచుట్టుకుని నడిమి భాగం చల్లగా ఉండిపోతుంది. ఆ తరవాత మురికిగా ఉంటే ఉతకండి, లేకపోతే అక్కర్లేదు.

డాలస్ అబ్బాయికి పిన్నిగారి ఫోన్‌లోనే చెప్పి చేయించాను. దుప్పట్లు, గలేబులు, వేసుకునే బట్టలు పడగ్గదిలోనే ప్లాస్టిక్ సంచుల్లో వేసి మూతి బిగించాడు. సంచి తెరవడం డ్రయర్ ముందే, ఖాళీ సంచి ముడేసి బయట చెత్తలోకే. వేడి తగిలిన బట్టలు కొత్త సంచుల్లోకి వెళ్ళాయి, గది బాగయ్యేదాకా అందులోనే ఉన్నాయి. పాత సంచిలోకి మళ్ళీ పెడితే చేసిందంతా వృథా. పట్టుచీరలు, జరీపంచెలు, ఉన్నివి డ్రయర్‌లో వెయ్యకూడదు. వాటిని సంచిలో గట్టిగా కట్టి -18 డిగ్రీల ఫ్రీజర్‌లో నాలుగు రోజులు ఉంచితే చాలు.

డ్రయర్‌లో పట్టని పరుపుకీ, మంచం చట్రానికీ ఆవిరి. ఇస్త్రీకి వాడే చిన్న గార్మెంట్ స్టీమర్ కాదు, నేల తుడిచే స్టీమ్ క్లీనర్ అద్దెకి తెచ్చుకోండి. ఆవిరి జోరుగా ఊదితే నల్లులు ఎగిరి పక్కకి పడతాయి. గొట్టం మూతికి పాత నూలుబట్ట చుట్టి నెమ్మదిగా కదపండి, ఒక అడుగు దూరానికి పది పదిహేను సెకన్లు పట్టాలి. గొట్టం దాటిన వెంటనే ఆ చోటు 70 నుంచి 80 డిగ్రీలు ఉండాలి. గురిపెట్టి చూసే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే ఊహించుకునే పని ఉండదు. కుట్లు, పైపింగ్, లేబుల్ కింద, తలవైపు చెక్క, స్క్రూ రంధ్రాలు, ఇవే వాటి ఇళ్ళు. ఆవిరి పైపొరకే పనికొస్తుంది, పరుపు లోతుల్లోకి పోదు. అందుకని బాగా ఆరాక పరుపుకి జిప్పున్న తొడుగు వేసేయండి. ప్లగ్ పాయింట్ల దగ్గర ఆవిరి పట్టకండి. రబ్బింగ్ ఆల్కహాల్ చల్లే పని అసలు వద్దు, దానివల్ల అపార్ట్‌మెంట్లు తగలబడ్డాయి.

పోయాయో లేదో దద్దుర్ల బట్టి చెప్పలేం, కొందరికి రోజుల తరవాత తేలతాయి, కొందరికి తేలనే తేలవు. పరుపు తొడుగు కుట్ల మీద, మంచం చట్రం మీద స్కెచ్‌పెన్ను చుక్కల్లాంటి నల్లమచ్చలు చూడండి, తడిబట్టతో తుడిస్తే అవి ఎర్రమట్టి రంగులో పాకుతాయి. ఉన్నవాటిని తుడిచేసి, రెండు వారాల తరవాత మళ్ళీ చూడండి, మిగిలిన గుడ్లు ఆలోపు పొదిగేస్తాయి. కొత్త చుక్కలు కనిపిస్తే గోడ పగుళ్ళలోనో, పక్క ఫ్లాట్‌లోనో ఉండొచ్చు. అప్పుడు బట్టలతో తెమలదు, అపార్ట్‌మెంట్ ఆఫీసుకి ఈమెయిల్‌లో రాసిపెట్టి పురుగుల మందువాళ్ళని రప్పించుకోవాలి.

పొద్దున్నే తుమ్ములు, ముక్కు దిబ్బడ ఉండి చుక్కలేవీ లేకపోతే అది నల్లుల పని కాకపోవచ్చు, కంటికి కనపడని డస్ట్ మైట్లు కావచ్చు. వాటితో లెక్క తిరగబడుతుంది. అవి కుట్టవు, వాటి విసర్జనే పడదు. డ్రయర్ వేడికి మైట్ చస్తుంది కానీ విసర్జన బట్టలోనే ఉండిపోతుంది, దాన్ని కడిగేది నీళ్ళే. కాబట్టి ఇక్కడ ఉతుకు ముఖ్యం, వారానికోసారి, వీలైతే 60 డిగ్రీల దగ్గర. వీటి విషయంలో మాత్రం పిన్నిగారి ఎండ పనికొస్తుంది. మైట్ నీళ్ళు తాగదు, గాలిలో తేమని పీల్చుకుని బతుకుతుంది. విశాఖ సముద్రపు గాలి దానికి విందు. పలచటి బొంతని ఒంటిపొరగా పరిచి, తిరగేస్తూ, మిట్టమధ్యాహ్నపు ఎండ తగలనిచ్చి, సాయంత్రం గాలి చెమ్మగిల్లకముందే లోపలికి తెచ్చేయాలి.

తిరుగు ప్రయాణంలో పెట్టె విషయం పిల్లలకి ఇప్పుడే చెప్పి పంపండి. హోటల్లో దాన్ని మంచం మీద, కార్పెట్ మీద పెట్టకుండా లగేజీ స్టాండు మీద పెట్టాలి. ఇంటికి చేరగానే బట్టలు పడగ్గదిలోకి పోకుండా సరాసరి డ్రయర్‌కే పోవాలి, వేసుకోనివీ, మడత నలగనివీ కూడా.