కాళ్ల మీద కొడితే హత్య కాదని రాసి పోగొట్టుకున్న మార్కులు

"లా పరీక్షలో నేరపూరిత నరహత్యకు, హత్యకు తేడా రాయమంటే ఉద్దేశం ఎక్కడ ఆగుతుంది, ఎరుక ఎక్కడ మొదలవుతుంది? పుస్తకంలో పట్టిక చదివాక ఉన్న స్పష్టత కూడా పోయింది."

ముందు ఆ పట్టికను మూసేయండి. ఎడమవైపు పాత భారతీయ శిక్షాస్మృతిలో నేరపూరిత నరహత్యను నిర్వచించే సెక్షన్ 299, కుడివైపు హత్యను నిర్వచించే 300, మధ్యలో బాణాలు. నేను దాన్ని మూడు రంగుల పెన్నులతో బట్టీ పట్టి పరీక్షకు వెళ్లాను. పదిహేను మార్కులకు నాలుగు వచ్చాయి.

ప్రశ్న ఇప్పటికీ గుర్తుంది. పొలం గట్టు తగాదాలో ఇద్దరు అన్నదమ్ములు పక్క పొలం రైతును ఇనుప రాడ్లతో కొట్టారు. దెబ్బలన్నీ కాళ్ల మీద, చేతుల మీద. తల జోలికి పోలేదు. చాలా చోట్ల ఎముకలు విరిగాయి. మర్నాడు తెల్లవారుజామున ఆ రైతు చనిపోయాడు. గాయాలన్నీ కలిపి చూస్తే ప్రకృతి సాధారణ క్రమంలో ప్రాణం తీయడానికి సరిపోతాయని డాక్టరు చెప్పాడు. నేరం ఏమిటి?

నాలుగు పేజీలు రాశాను. చంపాలనుకునేవాడు తల మీద కొడతాడు, కాళ్ల మీద కొట్టాడంటే చంపే ఉద్దేశం లేదు, ఉద్దేశం లేదు కనుక మిగిలింది ఎరుక, అంటే చావు రావచ్చని తెలిసి ఉండటం, ఎరుక కనుక హత్య కాని నరహత్యకు శిక్ష చెప్పే సెక్షన్ 304 రెండో భాగం. లెక్క తేలిపోయిందనుకున్నాను. జవాబుపత్రం తిరిగి చేతికి వచ్చినప్పుడు అంచున ఎర్ర సిరాతో ఒకటే వాక్యం ఉంది: "డాక్టరు మాట ఎందుకు చదవలేదు?"

మాస్టారి దగ్గరకు వాదనకు వెళ్లాను. ఆయన నా నాలుగు పేజీల మీద చెయ్యి పెట్టి, "చంపే ఉద్దేశం ఉందా లేదా అని నిన్నెవరు అడిగారు?" అన్నారు. చాలా కోపం వచ్చింది. హత్య ప్రశ్నలో చంపే ఉద్దేశం గురించి కాక ఇంకేం రాస్తారు! బస్సులో ఇంటికి వెళుతూ సెక్షన్ 300 మళ్లీ చదివాను. మూడో క్లాజులో చంపే ఉద్దేశం అన్న మాటే లేదు. శరీరానికి గాయం చేసే ఉద్దేశం ఉండాలి, ఆ గాయం ప్రకృతి సాధారణ క్రమంలో మరణానికి సరిపోవాలి. అంతే. మొదటిది నిందితుడి మనసుకు సంబంధించింది. రెండోది పోస్టుమార్టం బల్లకు సంబంధించింది.

నా జవాబు తప్పింది సరిగ్గా అక్కడే. రెండో సగం కూడా నిందితుడి మనసులోనే వెతికాను. "కాళ్ల మీద కొడితే చస్తాడని వాళ్లు అనుకోలేదు" అని రాశాను. వాళ్లు ఏమనుకున్నారన్నది మూడో క్లాజుకు అనవసరం. 1958లో విర్సా సింగ్ కేసులో జస్టిస్ వివియన్ బోస్ దీన్ని ఎంత విడమరచి చెప్పారంటే, అది చదివాక నా నాలుగు పేజీలు చూసి నాకే సిగ్గేసింది. అక్కడ కడుపులో ఒకే ఒక్క ఈటె పోటు. గాయం ఉందా? దాని స్వభావం ఏమిటి? ఆ గాయాన్నే చేయాలనుకున్నాడా, లేక చెయ్యి జారి తగిలిందా, ఇంకేదో చేయబోతే ఇది అయిందా? ఈ మూడూ తేలాకే నాలుగోది: ఆ గాయం మరణానికి సరిపోతుందా? ఈ నాలుగో ప్రశ్నకు నిందితుడి ఉద్దేశంతో పని లేదు, వైద్య సాక్ష్యం చూసి తేల్చాలి.

పరీక్షలో వచ్చిన నా ప్రశ్న ఊహ నుంచి పుట్టింది కాదని కూడా తర్వాతే తెలిసింది. దాని మూలం మన రాష్ట్రం కేసే: ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ రాయవరపు పున్నయ్య, 1976. ముఠా కక్షలో యాభై దాటిన మనిషిని బరువైన కర్రలతో కొట్టారు. పంతొమ్మిది గాయాలు, తల మీద ఒక్కటీ లేదు. సెషన్స్ కోర్టు హత్య అంది. హైకోర్టు దాన్ని 304 రెండో భాగానికి దించింది. దించడానికి చెప్పిన కారణాల్లో ఒకటి దాదాపు నా జవాబే: ఆయువుపట్టు మీద దెబ్బ లేదు. (హైకోర్టు న్యాయమూర్తులు నాతో ఏకీభవించారని కొన్నాళ్లు తృప్తి పడ్డాను.) సుప్రీంకోర్టు తిరిగి హత్యగా మార్చింది. ఆ దెబ్బలు పొరపాటున తగిలినవి కావు, కావాలని కొట్టినవి. అన్నీ కలిపి ప్రాణం తీయడానికి సరిపోయాయి. ఇంకేం కావాలి?

అలాగని గాయం చేసే ఉద్దేశం ఉంటే చాలు, హత్యేనని రాసేయకండి, మళ్లీ నాలుగు మార్కులే వస్తాయి. 1876 నాటి బొంబాయి హైకోర్టు గోవింద కేసు పక్కన పెట్టుకోండి. పద్దెనిమిదేళ్ల భర్త భార్యను కింద పడేసి, ఛాతీ మీద మోకాలు పెట్టి, ముఖం మీద రెండు మూడు పిడిగుద్దులు గుద్దాడు. మెదడులో రక్తస్రావమై ఆమె చనిపోయింది. ఆ గుద్దులూ కావాలని గుద్దినవే. అయినా జస్టిస్ మెల్విల్ హత్య కాదన్నారు, ఎందుకంటే ఆ గాయం సాధారణ క్రమంలో మరణానికి సరిపోయేది కాదు. మరణం సంభవించే అవకాశం ఉన్న గాయం వేరు, మరణానికి సరిపోయే గాయం వేరు. పిడిగుద్దు, కత్తి వేటు పక్కపక్కన ఊహించుకుంటే తేడా తెలుస్తుంది. పున్నయ్య, గోవింద కేసులు రెండూ కలిపి చూస్తే, గీత పడింది మనసు దగ్గర కాదు, గాయం దగ్గర.

ఇక మీరు అడిగిన ఎరుక. నా అభిప్రాయం ఖండితంగా చెబుతాను, ఒప్పుకోకపోయినా సరే: ఎరుక అంటే పలచబడిన ఉద్దేశం కాదు. ఉద్దేశం రుజువు చేయలేకపోతే ఎరుకలోకి జారిపోవచ్చన్నట్టు గైడ్లు రాస్తాయి, పిల్లలు అదే నేర్చుకుంటారు, నేనూ అదే నేర్చుకున్నాను. పలానా మనిషి ఒంటి మీద పలానా దెబ్బ వేయాలని చేయి ఎత్తినవాడి దగ్గర ముందు ఉద్దేశం క్లాజులు చూడాలి. ఎరుక క్లాజుకు అసలు తావు, ఎవరినీ గురి పెట్టకుండా ప్రమాదకరమైన పని చేసినవాడి దగ్గర. చట్టమే ఇచ్చిన ఉదాహరణ గుంపు మీదికి ఫిరంగి పేల్చినవాడు. ఎవరు చస్తారో వాడికి తెలియదు, ఎవరో ఒకరు చావడం దాదాపు ఖాయమని తెలుసు, అలాంటి ప్రమాదానికి ఏ సాకూ లేదు. అది నాలుగో క్లాజు, హత్య. అంత ఖాయం కాకుండా, చావు సంభవించే అవకాశం ఉందని మాత్రమే తెలిస్తే 304 రెండో భాగం.

304 మొదటి భాగం ఉద్దేశం ఉన్నవాళ్లకు, రెండోది ఎరుక మాత్రమే ఉన్నవాళ్లకు. గోవిందలా గాయం చేయాలనుకున్నా అది సరిపోయే గాయం కాని సందర్భం మొదటి భాగంలోకే రావాలి. తీవ్రమైన ఆకస్మిక రెచ్చగొట్టడం లాంటి మినహాయింపు వల్ల హత్య నుంచి దిగి వచ్చిన కేసులోనూ ఉద్దేశం ఉంటే మొదటి భాగమే. మినహాయింపు దొరికింది కదా అని రెండో భాగం రాసినవాళ్లు మా తరగతిలో సగం మంది.

సెక్షన్ల సంఖ్యల గురించి ఒక మాట, ఇది కేవలం కడుపుమంట. 2024 జులై 1 నుంచి పాత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది: 299 ఇప్పుడు 100, 300 ఇప్పుడు 101, శిక్షలు 302 బదులు 103, 304 బదులు 105. మొన్న మా తమ్ముడి కొడుకు కొన్న గైడుకు అట్ట మీద కొత్త పేరు, లోపల పాత సంఖ్యలు. డబ్బు మాత్రం కొత్త ధరే. అయితే పాతవి పారేయకండి. ఆ తేదీకి ముందు జరిగిన నేరానికి పాత చట్టమే వర్తిస్తుంది, కనుక ప్రశ్నలో తేదీ ఇస్తే అది అలంకారానికి ఇచ్చింది కాదు.

ఇప్పుడు అదే పొలం గట్టు ప్రశ్న వస్తే మొదటి పేరాలో చంపే ఉద్దేశం గురించి ఒక్క వాక్యం రాసి వదిలేస్తాను. రెండో పేరాలో రాడ్లు ఎన్ని, దెబ్బలు ఎన్ని, కావాలని కొట్టినవేనా అని తేలుస్తాను. మూడో పేరా మొత్తం డాక్టరుకే ఇస్తాను.