ఉత్తరంలో అమ్మాయి మాట ఎక్కడ?

"మా అమ్మాయికి 13 ఏళ్లు, ఎనిమిదో తరగతి. పాపిడి పక్కన తెల్లవెంట్రుకలు వస్తున్నాయి. ప్రతి ఆదివారం కూర్చోబెట్టి పీకేస్తున్నా, మళ్లీ వస్తున్నాయి. వచ్చే నెల మా ఆడపడుచు కూతురి పెళ్లి. 'పిల్లని ఆ తలతో తీసుకొస్తావా? రంగు వేయించు' అని అత్తగారు రోజూ అంటున్నారు. అమ్మోనియా లేని డై ఫర్వాలేదని పార్లర్‌లో చెప్పారు. సంక్రాంతికి నల్ల మెహందీ కోన్ పెట్టుకుంటే చేతికి కాస్త దద్దుర్లు వచ్చి తగ్గాయి. అంతకు మించి ఎలర్జీలేం లేవు. ఏ కంపెనీ డై మంచిదో చెప్పండి." – ఒక తల్లి, తెనాలి

ఏ కంపెనీదీ వద్దమ్మా. ఆ ప్రశ్న ఇక్కడితో వదిలేయండి.

ఆ దద్దుర్లు చిన్న విషయం కాదు. అసలైన గోరింటాకు ఎర్రగా పండుతుంది. గంటలో నల్లగా పండే కోన్‌లో సాధారణంగా పీపీడీ అనే రసాయనం కలుపుతారు. నల్లటి హెయిర్ డైలలో ఎక్కువగా ఉండేదీ అదే. అది పడకపోవడం అంటూ ఒకసారి మొదలైతే దాదాపు జీవితాంతం ఉంటుంది, రెండోసారి మరింత గట్టిగా రావచ్చు. చేతి మీద దద్దుర్లతో పోయింది తల మీద అయితే మాడు పుండై రసి కారవచ్చు, కనురెప్పలు వాచి కళ్లు మూసుకుపోవచ్చు. అమ్మోనియా లేదంటే పీపీడీ లేదని కాదు. ఐరోపా దేశాల్లో ఇలాంటి డై పెట్టెల మీద 16 ఏళ్లలోపు వారికి కాదని, నల్ల మెహందీ పడనివారు వేసుకోవద్దని రాసి ఉంటుంది. మీ అమ్మాయికి ఆ రెండూ వర్తిస్తాయి. చెవి వెనక కాస్త రాసి 48 గంటలు చూసే పరీక్ష కూడా ఇంట్లో చేయకండి. ఆ దద్దుర్ల సంగతి చర్మవ్యాధుల డాక్టరుకి చెప్పి, ఏం చేయాలో ఆయన్నే తేల్చనివ్వండి.

ఇక నన్ను బాధపెట్టిన విషయం. ఉత్తరంలో అత్తగారి మాట ఉంది, పార్లర్ వాళ్ల మాట ఉంది. అమ్మాయి ఏమంటోందో ఒక్క ముక్క లేదు. రంగు కావాలని తను అడిగిందా? మీ ఇంట్లో సమస్య అత్తాకోడళ్ల మధ్య ఉందని మీరు అనుకుంటున్నారు. నాకు మాత్రం అది తల్లీకూతుళ్ల మధ్యే కనిపిస్తోంది. నీ తలలో ఏదో తప్పుందని వారం వారం ఆ పిల్లకి చెబుతున్నది మీ చేతులే. పీకడం ఈ ఆదివారంతోనే ఆపండి. పీకితే తెల్లవెంట్రుకల లెక్క పెరగదు గానీ కుదురు దెబ్బతిని అక్కడ జుట్టు పలచబడవచ్చు. మరీ కనిపించే వెంట్రుకను చిన్న కత్తెరతో మొదట్లో కత్తిరిస్తే చాలు.

మన దేశంలో 25 ఏళ్లలోపు నెరిస్తే బాలనెరుపు అంటారు. చాలామందికి అది వంశంలో వచ్చేదే. మీ వారికో, మీ పుట్టింటి వాళ్లకో చిన్నప్పుడే నెరిసిందేమో కనుక్కోండి. బి12, ఐరన్ తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా నెరవవచ్చు. మాంసం, గుడ్లు తినని ఇంట్లో బి12 తగ్గడం మామూలే. కాబట్టి రక్తపరీక్షలో రక్తకణాల లెక్కతో పాటు బి12, ఐరన్ నిల్వ తెలిపే ఫెరిటిన్, థైరాయిడ్ తీరు తెలిపే టీఎస్‌హెచ్ చూపించండి. లోపం ఉంటే మందులతో సరిచేస్తారు, కొందరికి కొన్ని వెంట్రుకలు మళ్లీ నల్లబడతాయి. వంశపారంపర్యమైతే ఉసిరి నూనెలకు డబ్బు పోయకండి, అవి తెల్ల వెంట్రుకని నల్లగా మార్చవు.

పెళ్లికి రంగు అక్కర్లేదు. పాపిడి పక్కకి మార్చి, పాపిడి బిళ్ల పెట్టి, పూలజడ వేస్తే ఆ నాలుగు వెంట్రుకలు ఎవరికీ కనిపించవు. అది కూడా అమ్మాయి సరేనంటేనే. అత్తగారికి ఎదురు చెప్పడం కష్టమని తెలుసు, పెద్దల మాట వినాలనే నేనూ నమ్ముతాను. కానీ పిల్ల ఒంటికి హాని అని తెలిశాక వినడం మర్యాద అనిపించుకోదు. మీ వారిని వెంట తీసుకెళ్లి, "డాక్టరు చెప్పేదాకా తలకి ఏదీ పెట్టం" అని ఆయన చేతే వాళ్లమ్మకి చెప్పించండి.

కాస్త పెద్దయ్యాక తనే రంగు కోరితే, డాక్టరు సరేనంటే, అసలైన గోరింటాకు పొడి, నీలి ఆకు పొడి ఉన్నాయి. ఎర్ర రక్తకణాలు తేలిగ్గా చితికిపోయే జి6పీడీ అనే పుట్టు లోపం ఉన్న పిల్లలకి మాత్రం గోరింటాకు కూడా పనికిరాదు. ముందు గోరింటాకు పెడితే తెల్లవి నారింజ రంగుకి వస్తాయి. కడిగాక, అప్పటికప్పుడు గోరువెచ్చని నీళ్లలో కలిపిన నీలి పొడి గంటసేపు ఉంచితే నల్లబడతాయి. ప్యాకెట్ మీద ఆ ఆకు పేరు తప్ప ఇంకేమీ ఉండకూడదు. "పది నిమిషాల్లో నలుపు" అని రాసి ఉంటే, పేరులో హెన్నా ఉన్నా సరే, అది డై అనే అనుకోండి.