బ్లీచ్ లేకుండా బర్గండీ: చిట్టికి పిన్ని ఉత్తరం

చిట్టీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. స్నేహితురాలి పెళ్లికి నువ్వు జుట్టుకు రంగు వేసుకుంటున్నావట, బ్లీచ్ మాత్రం వద్దనుకున్నావట. ఆ మాట వినగానే నా కూతురికి బుద్ధి ఉంది అనుకున్నాను. హాస్టల్ గదిలో పక్క మంచం అమ్మాయితో వేయించుకుంటావని విన్నాక మాత్రం నిద్ర పట్టలేదు. పార్లర్ మూసేసినా ఈ విషయంలో ఊరుకోవడం నా వల్ల కాదు.

బర్గండీయా, ప్లమ్మా, బ్లూ బ్లాకా అని ఇంకా తేల్చుకోలేదటగా. ముందు ఒక సంగతి తెలుసుకో. నల్లజుట్టు మీద కొత్త రంగు కనిపించాలంటే కింద ఉన్న నలుపు కొంతైనా తగ్గాలి. దాన్ని తగ్గించేది ట్యూబులోని రంగు కాదు, అందులో కలిపే డెవలపర్. 20 వాల్యూమ్ అని రాసి ఉండేదానిలో 6 శాతం పెరాక్సైడ్ ఉంటుంది. ఎప్పుడూ రంగు తగలని జుట్టులో అది ఒకటి, మహా అయితే రెండు మెట్ల నలుపు తీస్తుంది. అంటే నీ నలుపు ముదురు గోధుమ దాకా వచ్చి ఆగుతుంది. అలా నలుపు తగ్గినప్పుడు లోపలి నుంచి బయటపడేది ఎరుపు.

బర్గండీకి ఆ ఎరుపు తోడవుతుంది. అందుకే మూడింటిలో అదే బాగా పలుకుతుంది. అయినా ఎండలోనే చిట్టీ. గదిలో ట్యూబ్‌లైటు కింద చూస్తే ఎవరికీ తెలియదు. పగటి పెళ్లయితే ఫొటోల్లో ఎర్రటి మెరుపు వస్తుంది, రాత్రి ఫంక్షన్ హాల్లో అయితే దాని మీద పెద్దగా ఆశ పెట్టుకోకు. ప్లమ్‌లో ఊదా ఎక్కువ. అది తేలాలంటే జుట్టు ఇంకా చాలా లేతగా ఉండాలి. మన జుట్టు మీద అది నలుపులోనే కలిసిపోతుంది, లేదా కాస్త మందమైన బర్గండీలా కనిపిస్తుంది. బ్లీచ్ లేకుండా ప్లమ్ కోసం డబ్బు పెట్టకు.

బ్లూ బ్లాక్‌కు నలుపు తగ్గాల్సిన పనే లేదు, ఉన్నదాని మీద ఇంకా ముదురుగా కూర్చుంటుంది. నీ జుట్టు ఎండకు కొసల్లో గోధుమగా మారింది కాబట్టి తేడా తెలుస్తుంది, జడ మలుపు తిరిగిన చోట నీలం మెరుపు వస్తుంది. మీ అమ్మలాంటి నిగనిగలాడే నలుపు మీదైతే వేసుకున్నవాళ్లకు తప్ప ఇంకెవరికీ తెలియదు. కానీ ఒకసారి వేస్తే అది వదలదు. ఆరు నెలల తర్వాత బర్గండీ కావాలనిపిస్తే దాని మీద పట్టదు. మీ అమ్మకు జరిగింది అందుకే రాస్తున్నాను.

నువ్వు అప్పుడు చిన్నపిల్లవి. అక్క ఏళ్ల తరబడి నల్లరంగు ప్యాకెట్ కలుపుకుని తెల్లవెంట్రుకలకే కాకుండా తల మొత్తానికి పూసుకునేది. మన బంధువుల పెళ్లికి ముందు నేను ఊళ్లో లేను. ఇంటి దగ్గరున్న ఒక పార్లర్‌కు వెళ్లి బర్గండీ అడిగింది. ఇంతకు ముందు ఏం వేశారని వాళ్లు ఒక్క మాట అడగలేదు. కుదుళ్ల నుంచి కొసల దాకా ఒకేసారి రాసేశారు. కడిగి చూస్తే తల మూడు రంగులు. కుదుళ్ల దగ్గర తెల్లవెంట్రుకలు దానిమ్మ గింజల్లా ఎర్రగా మెరుస్తున్నాయి, ఎందుకంటే వాటిలో నలుపు లేదు, రంగు ఉన్నదున్నట్టు తేలింది. వాటి పక్కన కొత్తగా పెరిగిన నల్లవెంట్రుకలు ఎర్రటి గోధుమకు వచ్చాయి. మాడు వేడికి అక్కడ రంగు ఇంకా త్వరగా పని చేస్తుంది. అక్కడి నుంచి కింద నడుము దాకా ఏమీ లేదు, పాత నలుపే. పెరాక్సైడ్ సహజమైన నలుపును తీస్తుంది గానీ, మనం వేసిన నల్లరంగును రంగు కదిలించలేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. కిందిది కూడా మారాలని 40 వాల్యూమ్, అంటే 12 శాతం, కుదుళ్ల నుంచే పెట్టారు. మంట అని అక్క చెబుతూనే ఉందట, అలాగే ఉంటుందన్నారట. నేను వచ్చి చూసేసరికి చెవుల వెనక బొబ్బలు. జుట్టు కొన్ని చోట్ల తుప్పు రంగు, కొన్ని చోట్ల నలుపు, పట్టుకుంటే పీచు. మాడు మానేదాకా నేను ఏ రంగూ తాకనివ్వలేదు. పెళ్లిలో పూలజడతో కప్పాం. తర్వాత కొసలు బాగా కత్తిరించి, కుదుళ్లకు మామూలు ముదురు గోధుమ వేసి కలిపాను. ఆ జుట్టును మా అమ్మ ఎంత ప్రేమగా పెంచిందో నాకు తెలుసు. కత్తెర పెట్టినప్పుడు నా చెయ్యి వణికింది.

ఇప్పుడు నీ సంగతికి వద్దాం. ఇంటర్వ్యూల ముందు నువ్వు నల్లరంగు వేసుకున్నావు, గుర్తుందా? ఏడాదిన్నర అయింది. జుట్టు నెలకు సెంటీమీటరు పైచిలుకు పెరుగుతుంది కాబట్టి ఇరవై సెంటీమీటర్ల వరకు కొత్తది. అంటే బర్గండీ పై నుంచి భుజాల దగ్గరి దాకా తేలి, కింద టక్కున ఆగిపోతుంది. పైన ఎరుపు, కింద నలుపు నీకు ఇష్టమా? కాకపోతే రెండే దారులు. పాత రంగున్న భాగాన్ని భుజాల దాకా కత్తిరించుకో, లేదా బర్గండీ మాటే వదిలేసి బ్లూ బ్లాక్ వేసుకో, అది పాత నలుపుతో కలిసిపోతుంది. మెహందీలో నీలిఆకు పొడి కలిపి పెట్టుకున్నా ఇదే లెక్క.

షేడ్ కార్డు చూసి మురిసిపోకు, అందులో రంగు వేసి చూపించేది తెల్లటి పోగుల మీద. డబ్బా మీద మొదటి అంకె ముదురుదనం చెబుతుంది. 3 కన్నా 4 గానీ 5 గానీ ఉన్న బర్గండీ కాస్త ఎక్కువ కనిపిస్తుంది. డెవలపర్ లేకుండా నేరుగా పూసే రంగులు నల్లజుట్టు మీద కనిపించవు, తువ్వాలుకు మాత్రం అంటుకుంటాయి. వేసేటప్పుడు ముందు పొడవుకు రాయి, కుదుళ్ల దగ్గర ఒక అంగుళం చివర్లో. మొదటి తలస్నానాల్లో ఎరుపు కారుతుంది, ముదురు తువ్వాలు వాడు.

అన్నిటికన్నా నా భయం వేరే. ఈ రంగుల్లో చాలావాటిలో పీపీడీ అనే పదార్థం ఉంటుంది. పెళ్లిళ్లలో పెట్టే నల్ల మెహందీ కోన్‌లలో కూడా తరచూ అదే ఉంటుంది, దానికి ఒకసారి ఒళ్లు తిరగబడితే తర్వాత తలరంగుకు ఇంకా తీవ్రంగా తిరగబడవచ్చు. ఏళ్లుగా రంగు వేసుకుంటున్న ఒకావిడ ఒకరోజు ఉదయం కళ్లు మూసుకుపోయేంత వాచి నా పార్లర్‌కు వచ్చింది. నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాను. నీకు నల్ల కోన్‌తో ఎప్పుడైనా దురద, దద్దుర్లు వచ్చాయా? దాచకుండా చెప్పు. వచ్చి ఉంటే ఇంట్లో పరీక్ష కూడా వద్దు, చర్మం డాక్టర్ దగ్గరికి వెళ్లు. రాకపోతే, నువ్వు కొన్న డబ్బాలోని కాగితం మీద చెప్పినట్టు మోచేతి మడతలో కొంచెం పెట్టి 48 గంటలు చూడు. అమ్మకు తెలియకుండా పనికానిద్దామని తొందరపడి ఇది మాత్రం దాటేయకు తల్లీ.

ఆ పరీక్షలో దురద, దద్దుర్లు ఏమీ రాకపోతే, మెడ వెనక నుంచి పది పదిహేను వెంట్రుకలు కుదురు దగ్గరికి కత్తిరించి దారంతో కట్టు. కొత్తభాగం, పాతభాగం రెండూ అందులో ఉంటాయి. వాటికి రంగు రాసి, కాగితంలో చెప్పినంత సేపు ఉంచి, కడిగి పూర్తిగా ఆరబెట్టు. ఎండలో ఒక ఫొటో, గదిలో ట్యూబ్‌లైటు కింద ఒక ఫొటో తీసి నాకు పంపు. తల మొత్తానికి వేయాలా వద్దా అనేది ఆ రెండూ చూశాక మాట్లాడుకుందాం.

మీ పిన్ని