ఉద్యోగం మానేసి వయొలిన్‌నే నమ్ముకోవచ్చా?

"నాకు 31 ఏళ్ళు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. చేరి నాలుగేళ్ళయింది, చేతికి 68 వేలు వస్తుంది. తొమ్మిదో ఏట నుంచి కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నాను, ఆకాశవాణిలో బి గ్రేడ్ ఉంది. పోయిన ఏడాది 26 కచేరీలకు పక్కవాద్యం వాయిస్తే లక్షా యాభై వేలు వచ్చింది. రోజూ తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా సాధన చేస్తాను, ఆ తర్వాత ఆఫీసులో కూర్చుంటే ఊపిరాడదు. ఉద్యోగం మానేస్తానంటే నాన్న 'సంగీతం కూడు పెడుతుందా' అని, అప్పట్నుంచి నాతో మాట్లాడటం లేదు. చిన్నప్పుడు వయొలిన్ కొనిచ్చింది ఆయనే. అమ్మానాన్న మాతోనే ఉంటారు, అమ్మకు షుగరు, నాన్నకు బీపీ. నా భార్య ప్రైవేటు స్కూల్లో టీచరు, జీతం 18 వేలు. రెండేళ్ళ పాప. ఇంటి ఖర్చు నెలకు 62 వేలు. నా భార్య 'మీ ఇష్టం' అంటుంది, అంతే. ఏం చేయమంటారు?"

తమ్ముడూ, ముందే చెప్తున్నాను, ఇప్పుడు మానేయకండి. అలాగని వయొలిన్ పెట్టె అటక మీద పెట్టమనీ అనను. వచ్చే ఏడాది మీ చేతిలో ఉంది, దాన్ని ఎలా వాడుకోవాలో మాట్లాడుకుందాం.

మీరు లక్షన్నర అని రాశారు, కానీ అందులో మీకు మిగిలిందెంతో రాయలేదు. 26 కచేరీలకు లక్షన్నర అంటే ఒక్కోదానికి 5,800 దాకా పడింది. అందులోంచి బస్సు చార్జీలు, రాత్రి పది దాటాక క్యాబు, తీగలు, విల్లుకు వెంట్రుక మార్పించడం, ఇవన్నీ తీసేయండి. ఒకరోజు ఒకటిన్నర శృతి గాయకుడి పక్కన, మర్నాడు అయిదున్నర శృతి గాయని పక్కన కూర్చోవాలంటే తీగలు బిగించీ సడలించీ అవి ఎంత త్వరగా చెడతాయో మీకు నేను చెప్పాలా. ఎంత పొదుపుగా ఉన్నా అయిదో వంతు అలా పోతుందనుకోండి. ఉద్యోగం మానేశాక మీ కచేరీలు 40కి పెరిగాయనే అనుకుందాం. రెండు లక్షల ముప్ఫై వేలు వస్తే మిగిలేది లక్షా ఎనభై అయిదు వేలు, అంటే నెలకు 15 వేలు. అదీ నెలనెలా రాదు. శ్రీరామనవమికీ దసరాకీ ధనుర్మాసానికీ ఒక్కసారిగా వచ్చిపడుతుంది. ఆషాఢంలో ఫోను మోగదు, మూఢం వస్తే పెళ్ళి రిసెప్షన్లు కూడా ఉండవు. త్యాగరాజ ఆరాధనకు చాలాచోట్ల భక్తితో వాయించి రావడమే, డబ్బు మాట ఉండదు, ఉండకూడదని మీరే అంటారు.

మరి మిగతాది? మీ భార్య జీతం పోగా ఇంటికి మీరు తేవాల్సింది 44 వేలు. ఉద్యోగం లేకపోతే ఆరోగ్య బీమా సొంతంగా కట్టుకోవాలి, దానికి నెలకు నాలుగు వేలు వేసుకోండి, 48 వేలయింది. కచేరీల 15 వేలు తీసేస్తే మిగిలిన 33 వేలు పాఠాలు చెప్పి సంపాదించాలి. వయొలిన్ వృత్తి అంటే మూడు వంతుల్లో రెండు వంతులు పాఠాలు చెప్పడమే, నాకు తెలిసిన పక్కవాద్య కళాకారుల్లో ఎక్కువమంది ఇళ్ళు అలాగే నడుస్తున్నాయి. ఇందులో చిన్నతనమేమీ లేదు. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1919లో విజయనగరం సంగీత కళాశాలలో అధ్యాపకుడిగా చేరి, 1936లో అక్కడే ప్రిన్సిపాల్ అయ్యారు. బాలమురళీకృష్ణ గారు ఆకాశవాణిలో పనిచేశారు, విజయవాడ సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. అంతటి వాళ్ళకూ నెల జీతం అండగా ఉండేది. ఇప్పుడు ఆ ఉద్యోగాలు తక్కువ, పాఠాలే ఆ జీతం.

ఆన్‌లైన్ పిల్లలు ఏడుగురు, వారానికి రెండేసి క్లాసులు, క్లాసుకు 500 అనుకుంటే ఒక్కొక్కరి నుంచి నెలకు నాలుగు వేలు, మొత్తం 28 వేలు. చుట్టుపక్కల పిల్లలు ఎనిమిదిమంది రెండు బ్యాచ్‌లుగా, తలకు 1,500 చొప్పున 12 వేలు. మొత్తం 40 వేలు కనిపిస్తుంది గానీ నమ్మకండి. మార్చి వస్తే పరీక్షలంటారు, మేలో ఊరెళ్తారు, వయొలిన్ మీద సరళీ వరుసలు చెవికి ఇంపుగా రావడానికే నెలలు పడుతుంది కాబట్టి మధ్యలో మానేసేవాళ్ళూ ఉంటారు. ఏడాదికి పది నెలల డబ్బే లెక్కేసుకోండి. అప్పుడు నెలకు సగటున 33 వేలు, అంటే సరిగ్గా సరిపోతుంది, పాప పుట్టినరోజుకు పైసా మిగలదు. వారానికి 18 క్లాసులు చెప్తే ఇది.

అందుకని కుదరదని కాదు. కుదురుతుంది. నా భయం డబ్బు గురించి కాదు, ఆ నాలుగున్నర నుంచి ఆరున్నర గురించి.

మా అన్నయ్యది మృదంగం. 2011లో బ్యాంకు ఉద్యోగం వదిలేశాడు. మొదటి మూడు నెలలు ఎంత ఆనందంగా ఉన్నాడో, రోజుకు ఆరు గంటల సాధన. నాలుగో నెలలో అద్దెకు తడుముకున్నాడు, అక్కణ్ణుంచి ఏ ప్రోగ్రాం వచ్చినా కాదనలేదు. రిసెప్షన్ ఆర్కెస్ట్రాలో రాత్రి ఒంటిగంట దాకా వాయించి, పొద్దున్నే ఆన్‌లైన్ క్లాసులకు లేచేవాడు. వదిన గాజులు తాకట్టులోకి వెళ్ళాయి. రెండేళ్ళ తర్వాత పై గ్రేడు కోసం ఆడిషన్‌కు వెళ్ళి తప్పాడు. ఇంటికొచ్చి మృదంగం ఒళ్ళో పెట్టుకుని, "ఉద్యోగంలో ఉన్నప్పుడే బాగా వాయించేవాణ్ణే" అన్నాడు. ఆ మాట నా చెవిలో ఇంకా ఉంది. సంగీతం కోసం ఉద్యోగం వదిలాడు, ఇల్లు గడవడం కోసం సాధన వదిలాడు. ఇంట్లో ఎవరం గమనించలేదు, మృదంగం చప్పుడు రోజూ వినిపిస్తూనే ఉండేది కదా!

మీకూ సరిగ్గా ఇక్కడే వస్తుంది చిక్కు. అమెరికా తూర్పు రాష్ట్రాల పిల్లలకు సాయంత్రం ఏడెనిమిది అంటే మనకు తెల్లవారుజామున అయిదున్నర, మీ సాధన మధ్యలో. అడిగేవాళ్ళలో సగం మంది ఆ టైమే అడుగుతారు. ఇవ్వకండి. కాలిఫోర్నియా వైపు పిల్లల్ని చూసుకోండి. మన ఆరున్నర అంటే వాళ్ళకు వేసవిలో సాయంత్రం ఆరు, చలికాలంలో అయిదు. మీ సాధన అయ్యాక ఎనిమిదిన్నర దాకా రెండు క్లాసులు హాయిగా జరుగుతాయి. తర్వాత ఎప్పుడైనా ఉద్యోగం మానేస్తే ఆస్ట్రేలియా పిల్లలున్నారు, సిడ్నీలో స్కూలయ్యాక సాయంత్రం అయిదున్నర మనకు మధ్యాహ్నం ఒంటిగంట లోపే. ఆ టైముకు మీ సాధనతో పేచీ లేదు, సాయంత్రం కచేరీతోనూ లేదు. ఇంకోటి, నెట్‌లో శబ్దం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి ఇద్దరూ కలిసి వాయించడం కుదరదు, మీరు వాయించి వినిపించాలి, పిల్లాడు తిరిగి వాయించాలి. ఓపిక కావాలి. అది మీకుందో లేదో ఇప్పుడే తెలుసుకోండి, ఉద్యోగంలో ఉండగానే ముగ్గురితో మొదలుపెట్టండి. ఆర్నెల్ల తర్వాత జంట వరుసలు నేర్పడం కూడా టెస్టింగ్ ఉద్యోగంలాగే ఊపిరాడనివ్వకపోతే, మీకు కావాల్సింది వయొలిన్ వృత్తి కాదేమో, వయొలిన్ ఒక్కటేనేమో. అప్పుడు ఉద్యోగం మారడం గురించి ఆలోచించాలి, మానడం గురించి కాదు.

ఒక నోట్‌బుక్ పెట్టండి. తేదీ, ఎక్కడ, ఎంత ఇస్తామన్నారు, ఎంత ఇచ్చారు, ఎప్పుడు ఇచ్చారు, ఖర్చెంత. "ఎప్పుడు ఇచ్చారు" అనే గడి తప్పకుండా రాయండి, దసరాకు వాయించిన డబ్బు సంక్రాంతికి వచ్చే చోట్లు మీకు తెలిసే ఉంటాయి. దాంతోపాటు ప్రతి నెలా ఒకటో తేదీన ఒకే వర్ణం రెండు కాలాల్లో, అంటే ఒకసారి మామూలుగా, ఒకసారి రెట్టింపు వేగంతో వాయించి ఫోనులో రికార్డు చేసుకోండి. రెండో కాలంలో శృతి జారుతోందా, విల్లు లాగుడు మధ్యలో తెగుతోందా మీ చెవే చెప్తుంది. మూడు నెలల రికార్డింగులు వరుసగా విని వెనక్కి పోతున్నట్టుంటే ఒక క్లాసు తగ్గించండి, ఎవరేమనుకున్నా సరే. ఈ ఏడాదిలోనే ఆకాశవాణిలో మీ పై గ్రేడయిన బి హైకి ఆడిషన్ ఇచ్చే ప్రయత్నం కూడా చేయండి, పిలిచేవాళ్ళు గ్రేడు చూస్తారు.

చేరి నాలుగేళ్ళన్నారు. అయిదేళ్ళు నిండకుండా మానేస్తే గ్రాట్యుటీ పోతుంది. మీ బేసిక్ 30 వేలయితే అది 86 వేల పైమాటే, అంటే ఇంటికి మీరు తేవాల్సిన దాంట్లో దాదాపు రెండు నెలల డబ్బు. ఒక్క ఏడాది కోసం దాన్ని వదులుకోవడం నాకు ఇష్టం లేదు. ఈలోగా మీ జీతంలోంచి నెలకు ఎంత వీలైతే అంత వేరే ఖాతాలో వేసి, ఆర్నెల్ల ఇంటి ఖర్చు పోగయ్యేదాకా ముట్టుకోకండి. గ్రాట్యుటీ కలిసినా ఏడాదిలో అంత కూడకపోవచ్చు, అప్పుడు ఇంకొన్ని నెలలు ఆగాలి. నోట్‌బుక్‌లో మూఢం, ఆషాఢం కూడా దాటి ఏడాది పూర్తయి, ఉద్యోగం చేస్తూనే మీరు నెలకు సగటున పాతిక వేలు కళ్ళజూస్తే, పగళ్ళు ఖాళీ అయినప్పుడు 48 అందుతుందని నేను నమ్ముతాను. పదిహేను దగ్గరే ఆగిపోతే మానకండి.

ఇక మీ నాన్నగారు. వయొలిన్ కొనిచ్చిన మనిషి సంగీతానికి శత్రువు ఎలా అవుతారు? ఆయన బీపీ, అమ్మగారి షుగరు ఇప్పుడు మీ కంపెనీ బీమాలో ఉన్నాయేమో చూడండి. మీరు మానేసిన రోజున అది ఆగిపోతుంది. బయట కొత్త పాలసీ తీసుకుంటే ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ళ దాకా వర్తించకుండా పెట్టవచ్చు. కంపెనీ పాలసీ నుంచి అదే బీమా సంస్థ వ్యక్తిగత పాలసీకి మారే వీలుందేమో మానేయకముందే అడగండి, లేదా ఇప్పుడే విడిగా ఒకటి తీసుకుని ఆ మూడేళ్ళ లెక్క మొదలుపెట్టించండి. ఆ కాగితం ఆయన చేతికిచ్చి, "నాన్నా, ఏడాది దాకా మానను, ఆసుపత్రి సంగతి ఇదిగో ఇలా చూశాను, ఈ నోట్‌బుక్ నెలనెలా మీరే చూడండి" అనండి. త్యాగయ్య గురించీ కళ గురించీ మాట్లాడకండి, అవి ఆయనకు మీకంటే ముందే తెలుసు.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఆపేసింది మీ భార్య "మీ ఇష్టం" అనడం. మా వదినా అదే అంది, ఆ గాజులు పోయేదాకా అదే అంది. పాపను పడుకోబెట్టాక ఈ లెక్క ఆమె ముందు పెట్టి మీరు రెండే అడగండి. ఎన్ని నెలలు తన 18 వేల మీద భారం పడితే ఆమె తట్టుకోగలదు, ఏది మాత్రం అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు. ఆమె చెప్పింది ఆమె చేతే నోట్‌బుక్ మొదటి పేజీలో రాయించండి. నేను చెప్పిన అంకెలకూ ఆమె రాసిన దానికీ తేడా వస్తే, ఆమె రాసిందే ఖాయం చేసుకోండి.