లిమిట్ 1 వచ్చినా శ్రేణి ఎందుకు అపసరించింది?

ప్రశ్న: సార్, నేను బీఎస్సీ గణితం చివరి సంవత్సరం చదువుతూ జామ్ పరీక్షకు సిద్ధమవుతున్నాను. మాక్ టెస్టులో n = 2 నుంచి మొదలయ్యే Σ (-1)^n/(√n + (-1)^n) శ్రేణిని Σ (-1)^n/√n తో పోల్చాను. నిష్పత్తి అవధి 1 వచ్చింది, రెండోది లైబ్నిజ్ పరీక్షతో అభిసరిస్తుంది కాబట్టి మొదటిదీ అభిసరిస్తుందని రాశాను. తప్పన్నారు. ఇలాంటి లెక్కల్లోనే మార్కులు పోతున్నాయి. శ్రేణులు వదిలేసి లీనియర్ ఆల్జీబ్రా మీదే దృష్టి పెట్టమంటారా?

జవాబు: శ్రేణులను వదలకండి. మీకు పాఠం రాక మార్కు పోలేదు. లిమిట్ కంపారిజన్ టెస్టుకు ఉన్న ఒక్క షరతును మీరు చూడకుండా దాటారు. ఆ షరతు ఏమిటంటే, పోల్చే రెండు శ్రేణుల పదాలూ ఏదో ఒక పదం తరువాత నుంచి ధనాత్మకంగా ఉండాలి. పుస్తకాల్లో సిద్ధాంతం మొదటి పంక్తిలోనే ఇది ఉంటుంది, చాలామంది కన్ను అక్కడ ఆగదు.

ఆ షరతు ఎందుకు కావాలో నిరూపణలోకి వెళ్తే తెలుస్తుంది. a_n/b_n అవధి 1 అయితే, n తగినంత పెద్దదైన తరువాత ఆ నిష్పత్తి 1/2 కు, 3/2 కు మధ్య ఉంటుంది. b_n ధనాత్మకమైతే దానితో గుణించి b_n/2 < a_n < 3b_n/2 అని రాయవచ్చు. పదాలన్నీ ధనాత్మకం కాబట్టి పాక్షిక మొత్తాలు పెరుగుతూనే పోతాయి. వాటికి పైన ఒక హద్దు దొరికితే చాలు, అభిసరణ వచ్చేస్తుంది. గుర్తులు మారుతుంటే పాక్షిక మొత్తాలు పైకీ కిందికీ ఊగుతాయి, అప్పుడు హద్దు దొరికినంత మాత్రాన అభిసరణ రాదు. పైగా అలాంటి శ్రేణి అభిసరించేది ధన, రుణ పదాలు ఒకదానినొకటి దాదాపుగా కొట్టేసుకోవడం వల్ల. నిష్పత్తి 1 కి చేరడమన్నది ఆ కొట్టివేత తరువాత ఏం మిగిలిందో చెప్పదు.

మీ లెక్కలోనే ఆ మిగులును చూద్దాం. లవాన్నీ హారాన్నీ √n - (-1)^n తో గుణిస్తే హారం n - 1 అవుతుంది, పదం రెండుగా విడిపోతుంది:

(-1)^n √n/(n-1) - 1/(n-1)

మొదటి భాగంలో √n/(n-1) తగ్గుతూ సున్నాకు చేరుతుంది కాబట్టి ఆ శ్రేణి లైబ్నిజ్ పరీక్షతో అభిసరిస్తుంది. రెండో భాగం గుర్తు మార్చిన హరాత్మక శ్రేణి, అది అపసరిస్తుంది. అభిసరించే దానికి అపసరించేది కలిస్తే మొత్తం అపసరించక తప్పదు. నమ్మకం కుదరకపోతే పదాలను రెండేసి చొప్పున కూడి చూడండి: n = 2, 3 పదాలు కలిపితే సుమారు -0.952, 4, 5 కలిపితే -0.476, 6, 7 కలిపితే -0.318 వస్తాయి. ఇవి -1, -1/2, -1/3 లకు ఎంత దగ్గరగా నడుస్తున్నాయో గమనించారా? ప్రతి జతా కొంచెం కొంచెంగా కిందికి లాగుతోంది, ఆ లాగుడు ఆగదు.

ఈ శ్రేణికే నేరుగా లైబ్నిజ్ పరీక్ష వాడుదామనుకున్నా కుదరదు. గుర్తు తీసేస్తే పదాలు 0.414, 1.366, 0.333, 0.809 అంటూ ఎగుడుదిగుడుగా ఉంటాయి. అవి సున్నాకు చేరుతాయి గానీ వరుసగా తగ్గవు.

ఈ పొరపాటు ఇన్నాళ్లూ బయటపడకపోవడానికి కారణం, తప్పు దారిలో వెళ్లినా ఒక్కోసారి సరైన జవాబే రావడం. √n బదులు n పెట్టి Σ (-1)^n/(n + (-1)^n) తీసుకోండి. అదే పద్ధతిలో విడదీస్తే మిగులు -1/(n²-1), అది అభిసరిస్తుంది కాబట్టి మొత్తం శ్రేణీ అభిసరిస్తుంది. Σ (-1)^n/n తో పోల్చి అభిసరిస్తుందని రాసినవారికీ మార్కు పడుతుంది, తప్పు అలవాటు అలా స్థిరపడుతుంది.

కాబట్టి గుర్తులు మారే శ్రేణి కనిపించినప్పుడు నిష్పత్తికి బదులు భేదాన్ని, అంటే a_n - b_n ను చూడండి. Σ b_n అభిసరిస్తుందని తెలిసినప్పుడు, భేదాల శ్రేణి అభిసరిస్తే Σ a_n అభిసరిస్తుంది, అపసరిస్తే అపసరిస్తుంది. ఇక్కడ గుర్తుల షరతు ఏదీ లేదు. లిమిట్ కంపారిజన్‌ను పూర్తిగా పక్కన పెట్టనక్కర్లేదు. Σ |b_n| అభిసరిస్తే, a_n/b_n కు పరిమితమైన అవధి ఉన్నంతవరకు, |a_n|, |b_n| లను పోల్చి Σ a_n పరమ అభిసరణ చెందుతుందని ధైర్యంగా రాయవచ్చు. పదాలన్నీ రుణాత్మకమైనా ఇబ్బంది లేదు, -1 తో గుణిస్తే సరిపోతుంది. చిక్కల్లా Σ b_n షరతులతో మాత్రమే అభిసరించే చోటే.

జామ్‌లో ఒకటికి మించి సరైన జవాబులుండే ప్రశ్నలకు రుణాత్మక మార్కులు లేవు, కానీ పాక్షిక మార్కులూ లేవు. ఇలాంటి ఒక్క ఐచ్ఛికాన్ని తప్పుగా గుర్తిస్తే ప్రశ్న మొత్తం పోతుంది. ఈ వారం సాధనకు n = 2 నుంచి Σ sin((-1)^n/√n), Σ log(1 + (-1)^n/√n) లను పక్కపక్కన పెట్టుకుని చేయండి. రెండింటికీ Σ (-1)^n/√n తో నిష్పత్తి అవధి 1 వస్తుంది. కానీ విస్తరణలో రెండో పదం sin కు ఘనం, అక్కడ గుర్తు మారుతూనే ఉండి శ్రేణి అభిసరిస్తుంది; log కు అది వర్గం, గుర్తు పోయి -1/(2n) మిగులుతుంది, శ్రేణి అపసరిస్తుంది.